Allow నొక్కితే మన చుట్టాలంతా జామీనుదార్లు అయిపోతారా?

వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ ఇది:

"లోన్ యాప్ వాడేవాళ్లు తప్పక చదవండి! 1. మీరు Allow నొక్కారంటే మీ కాంటాక్ట్స్ చట్టప్రకారం కంపెనీవే. అప్పు కట్టకపోతే మీవాళ్లందరికీ ఫోన్ చేసే హక్కు వాళ్లకుంది, పోలీసులు కూడా ఏమీ చేయలేరు. 2. యాప్ తీసేస్తే డేటా మొత్తం పోతుంది. 3. కొత్త డేటా చట్టం ఇంకా కాగితాల మీదే ఉంది. 4. కొత్త చట్టం కింద కేసు వేస్తే మీకు 250 కోట్లు. 5. దీన్ని స్టేటస్‌లో పెట్టండి, ఇక మీ డేటా ఎవరూ వాడలేరు."

పొదలకూరు నిమ్మకాయల వ్యాపారుల గ్రూపులో ఇదే, ఒంగోలు అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో ఇదే, చీమకుర్తి గ్రానైట్ పనోళ్ల గ్రూపులో ఇదే. పంపినోళ్లని అడిగితే "ఎందుకైనా మంచిదని పెట్టా" అంటారు. దీంతో మంచేమీ లేదు. మొదటి పాయింటు నమ్మినోడు ఫిర్యాదే చేయడు. వేధించే ఏజెంటుకి కావాల్సింది కూడా అదే.

అయిదోదానికి ఒక్క వాక్యం చాలు: అప్పిచ్చిన కంపెనీ మీ స్టేటస్ చూస్తా కూర్చోదు, చూసినా దానికి కట్టుబడాల్సిన పనిలేదు.

నాలుగోది. 250 కోట్లనేది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద, డేటాకి సరైన భద్రత పెట్టని కంపెనీ మీద వేయగల జరిమానాకి పైహద్దు. ఆ డబ్బు భారత సంఘటిత నిధికి పోతుంది, మీ ఖాతాకి కాదు. పైగా ఆ చట్టంలోనే తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లకి పదివేల దాకా జరిమానా ఉంది, ఆ ముక్క మాత్రం మెసేజ్‌లో లేదు. మూడో పాయింటులో చట్టం కాగితాల మీదే ఉందని చెప్పి, నాలుగో పాయింటులో దాని కిందే కోట్లు ఎట్టా ఇప్పిస్తున్నారో రాసినాయనకే తెలియాలి.

ఇక మొదటిది. దీన్ని ఒక కేసు పెట్టి చూద్దాం. కావలిలో ఒక ఆటో డ్రైవరు ఒక యాప్‌లో పదిహేను వేలు తీసుకున్నాడనుకోండి, ఆరు నెలల వాయిదాలు. యాప్ కెమెరా అడిగింది, లొకేషన్ అడిగింది, కాంటాక్ట్స్ అడిగింది, అన్నిటికీ Allow నొక్కాడు. మూడో వాయిదా తప్పింది. వారానికి గూడూరులో ఉన్న బావమరిదికి ఫోన్ వచ్చింది, తర్వాత కూతురి ట్యూషన్ టీచరుకి వచ్చింది: "మీవాడు దొంగ, డబ్బు ఎగ్గొట్టాడు, మీరు కట్టండి."

కెమెరా తప్పు కాదు. ఖాతా తెరిచేటప్పుడు కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ లాంటివి స్పష్టమైన అనుమతితో ఒక్కసారి వాడుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు డిజిటల్ అప్పుల నిబంధనల్లోనే ఉంది. ఇవి 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలుగా వచ్చాయి, 2025 మేలో ఆదేశాలుగా మళ్లీ వచ్చాయి. ఒక్కసారి అంటే ఒక్కసారే. రోజూ లొకేషన్ లాగే యాప్‌కి ఈ వెసులుబాటు వర్తించదు.

కాంటాక్ట్స్ సంగతి వేరు. అదే నిబంధనల్లో ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్ట్ జాబితా, కాల్ లాగ్‌ల జోలికి యాప్ పోకుండా చూడాల్సిన బాధ్యత అప్పిచ్చిన సంస్థదే అని ఉంది. "కస్టమరు ఒప్పుకుంటే పోవచ్చు" అనే మినహాయింపు అక్కడ లేదు. అంటే మీరు Allow నొక్కినా, నొక్కకపోయినా, అడగడమే తప్పు. గూగుల్ ప్లే కూడా 2023 మే నుంచి వ్యక్తిగత అప్పుల యాప్‌లు కాంటాక్ట్స్ చదివే READ_CONTACTS అనుమతి తీసుకోకూడదని నిషేధించింది. కాబట్టి అప్పుల యాప్ మీ కాంటాక్ట్స్ అడిగిందంటే అది ప్లే స్టోర్ నిబంధనని తప్పించుకున్నదన్నా అయివుండాలి, వాట్సాప్‌లో లింకు పంపి ఏపీకే ఫైలుగా వేయించిందన్నా అయివుండాలి. రెండోదైతే మరీ ప్రమాదం, దాని సంగతి చివర్లో.

కాసేపు Allow చెల్లుతుందనే అనుకుందాం. మీ ఫోన్‌లో ఉన్న బావమరిది నంబరు ఎవరి వివరం? బావమరిదిది. ఆయన సమ్మతి మీరెట్టా ఇస్తారు? 2023 నాటి డేటా చట్టం ప్రకారం కూడా వివరం ఎవరిదో వాళ్లే సమ్మతించాలి, పైగా ఆ సమ్మతి చెప్పిన పనికి అవసరమైనంత వరకే పనికొస్తుంది. ఆ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ఫోన్‌లో వైద్యం అందించే యాప్ కాంటాక్ట్స్ కూడా అడిగితే, మనిషి రెండిటికీ సరే అన్నా, వైద్యానికి కాంటాక్ట్స్ అవసరం లేదు కాబట్టి ఆ సరే వైద్యం వరకే చెల్లుతుంది. చట్టం రాసినవాళ్లు ఏరికోరి ఈ ఉదాహరణే పెట్టారు. మన మెసేజ్ రాసినాయన మాత్రం చట్టాన్ని తెరిచిన పాపాన పోలేదు.

ఇక "మీరు కట్టండి" అనే మాట. జామీను ఉండాలంటే జామీను సంతకం ఉండాలి. ఫోన్‌లో పేరున్నందుకే పక్కింటాయన అప్పు మీరు కట్టాలంటే, జిల్లాలో అందరికన్నా ముందు దివాలా తీసేది గ్యాస్ బండ వేసే కుర్రోడు, వాడి నంబరు లేని ఫోన్ ఉండదు కదా. వసూలు ఏజెంట్లు అప్పు తీసుకున్నవాళ్ల కుటుంబసభ్యుల, స్నేహితుల, రెఫరెన్సుగా ఇచ్చినవాళ్ల ఏకాంతంలోకి చొరబడకూడదని, నలుగురిలో పరువు తీయకూడదని 2022 ఆగస్టు 12న రిజర్వ్ బ్యాంకు విడిగా చెప్పింది. బాకీదారుకి ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదనీ అందులోనే ఉంది. రెఫరెన్సు నంబర్లు మీరే చేత్తో టైపు చేసి ఇచ్చినా ఇంతే.

పోలీసులు ఏమీ చేయలేరా? బెదిరించి డబ్బు లాగితే భారతీయ న్యాయ సంహిత 308 సెక్షన్, బెదిరింపుకి 351. కాంట్రాక్టు కింద చేతికొచ్చిన వ్యక్తిగత వివరాలను అనుమతి లేకుండా, నష్టం చేయాలని బయటపెడితే ఐటీ చట్టం 72ఏ, మూడేళ్ల దాకా జైలు. ఫొటో మార్చి అసభ్యంగా చేసి పంపితే అదే చట్టంలో 67 ఉంది. కాంటాక్ట్స్‌లోని ఒక్క మనిషికి పంపినా చాలు.

మూడో పాయింటు దగ్గర మాత్రం మెసేజ్‌కి కొంత మార్కులివ్వాలి. 2023 చట్టం నియమాలు 2025 నవంబరులో గానీ రాలేదు. వాటిలో కూడా సమ్మతి, నోటీసు, తొలగింపు లాంటి అసలు బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. అప్పటిదాకా "డేటా చట్టం ప్రకారం నా హక్కు" అని రాస్తే కంపెనీ నవ్వి పక్కన పెడుతుంది. అందుకే అప్పుల యాప్‌కి రాసేటప్పుడు రిజర్వ్ బ్యాంకు ఆదేశాలనే పట్టుకోవాలి, అవి ఇప్పుడే అమల్లో ఉన్నాయి. సమ్మతి వెనక్కి తీసుకునే వీలు, మూడోవాళ్లకి ఇవ్వొద్దనే వీలు, యాప్ చేత డేటా తొలగింపజేసే వీలు వాటిలోనే ఉన్నాయి.

రెండో పాయింటు నమ్మి జనం ముందే యాప్ తీసేస్తారు. తీసేస్తే ఫోన్‌లోంచి యాప్ పోతుందంతే, సర్వరుకి ఎక్కిన జాబితా అక్కడే ఉంటుంది. అదీ గాక ఫిర్యాదుకి కావాల్సిన సాక్ష్యం మీ చేత్తో మీరే చెరిపేసినట్టవుతుంది. వరుస ఇట్టా ఉండాలి. ముందు అప్పు ఒప్పందం, వడ్డీ, ఛార్జీలు రాసుండే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోండి. అసలు అప్పిచ్చిన బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్సు కంపెనీ, పేరు ఒప్పందంలో ఉంటుంది. యాప్ పేరు వేరు, అప్పిచ్చినోడి పేరు వేరు. ఫిర్యాదు పోవాల్సింది అప్పిచ్చినోడికి. తర్వాత ఫోన్‌లో Settings > Apps లో ఆ యాప్ మీద నొక్కి, Permissions పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. Contacts దగ్గర Allowed అని కనిపించే ఆ ఒక్క బొమ్మే మీ కేసుకి వెన్నెముక. అది తీశాకే Don't allow పెట్టండి. బావమరిదికి వచ్చిన ఫోన్ల నంబర్లు, టైములు ఆయన ఫోన్ నుంచే స్క్రీన్‌షాట్ తెప్పించుకోండి.

అప్పుడు ఆ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్ చేయండి. వివరాలు యాప్‌లోనూ, వాళ్ల వెబ్‌సైటులోనూ ఉండాలి. ఇంతకన్నా పొడుగు అక్కర్లేదు:

"నా అప్పు ఖాతా నంబరు ఫలానా. నా కాంటాక్ట్ జాబితా, ఫొటోలు, కాల్ లాగ్‌లకు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాను. మీ దగ్గరా మీ ఏజెంట్ల దగ్గరా ఉన్న కాపీలు తొలగించి, తొలగించినట్టు రాతపూర్వకంగా తెలపండి. ఇవి ఎవరెవరికి ఇచ్చారో చెప్పండి. బాకీ గురించి నాతోనే మాట్లాడండి. స్క్రీన్‌షాట్లు జతచేశాను."

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా cms.rbi.org.in లో, ఇట్టాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయండి. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. వేధింపుకి, మనోవేదనకి విడిగా పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కి ఉంది. అది 250 కోట్లు కాదు గానీ, వచ్చేదేమైనా మీకే వస్తుంది.

ఈ మెయిల్‌తో పోనివి కూడా ఉన్నాయి. అప్పు పోదు. వాయిదా తప్పిన సంగతి సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థలకి చేరుతుంది, దానికి మీ సమ్మతితో పనిలేదు. పాన్, ఆధార్ లాంటి కేవైసీ కాగితాలు ఖాతా మూసిన తర్వాత కూడా అయిదేళ్లు ఉంచమని మనీ లాండరింగ్ నిరోధక చట్టమే చెబుతుంది, కాబట్టి "అంతా చెరిపెయ్" అంటే చెరపరు. పగటిపూట మీకే ఫోన్ చేసి మర్యాదగా అడగడం వాళ్ల హక్కు. ఏజెంటును పంపడం కూడా తప్పు కాదు, కాకపోతే ఏజెంటు వచ్చేముందే అతని వివరాలు మీకు ఎస్సెమ్మెస్ లేదా మెయిల్‌లో రావాలి. మీ నంబరు తీసుకెళ్లి ఇన్సూరెన్సు అమ్మేవాడికి ఇచ్చారంటే మాత్రం అప్పు పేరు చెప్పి తప్పించుకోలేరు, అభ్యంతరం పెట్టండి.

ఒప్పందంలో ఏ బ్యాంకు పేరూ, ఎన్‌బీఎఫ్‌సీ పేరూ లేకపోతే, ఉన్న పేరు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైటులో దొరకకపోతే, మీరు మెయిల్ రాయాల్సిన మనిషే లేడని అర్థం. యాప్ పేరు కోసం డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితా అక్కడే 2025 జులై నుంచి ఉంది. కాకపోతే అందులోని వివరాలు ఆ సంస్థలు స్వయంగా పెట్టినవే. అప్పిచ్చినోడి పేరే దొరకని యాప్ మీద sachet.rbi.org.in లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బెదిరింపులు, ఫొటోలైతే cybercrime.gov.in. స్టేషనుకి పోతే "ఇది మా పరిధి కాదు" అంటే, నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలని నాగరిక్ సురక్ష సంహిత 173 సెక్షన్‌లో ఉందని చెప్పండి. కావలి డ్రైవరు కావలిలో, గూడూరు బావమరిది గూడూరులో ఎవరికి వాళ్లు ఫిర్యాదు ఇవ్వొచ్చు. బావమరిది అప్పు తీసుకోలేదు కాబట్టి ఆయన ఫిర్యాదుకి బాకీ గొడవే అడ్డురాదు.