తూకం మారలేదు, ప్యాంటు మారింది

"నాన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్. ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌తో క్యాన్సర్ తీరు చెప్పే రక్తపరీక్ష పీఎస్ఏ బాగా తగ్గింది. మరి ఈ నీరసం, చిరాకు, పొట్ట ఎందుకండీ?"

ఆ ఇంజెక్షన్ పనే అది, అండీ. మెదడులోని పిట్యూటరీ గ్రంథిని అదే పనిగా తడుతుంది. మొదటి వారం పది రోజులు టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. టెస్టోస్టిరాన్ ఈ క్యాన్సర్‌కు మేత, అందుకే మొదట్లో దాని పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్రలు కలుపుతారు. తర్వాత గ్రంథి స్పందించడం మానేస్తుంది, మూడు నాలుగు వారాల్లో టెస్టోస్టిరాన్ దాదాపు అడుగంటుతుంది.

ఇదే ఇంజెక్షన్ మీదున్న మా మావయ్యకు ఏడాదైనా తూకం 68 కిలోలే. కానీ ప్యాంటు నడుం దగ్గర బిగుతు, తొడల దగ్గర వదులు. కండ కరిగింది, పొట్ట దగ్గర కొవ్వు చేరింది. తూకం చూసి మేం నిశ్చింతగా ఉన్నాం, మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 6.1 నుంచి 7.2కి పోయింది. రాత్రి నాలుగైదుసార్లు ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. నిద్ర లేని మనిషికి పగలు చిరాకు రాదా? అయినా నెలల తరబడి దిగులుగా ఉంటే డాక్టర్‌కు చెప్పండి, వయసు మీదికి నెట్టేయకండి.

ఎముకల సంగతి చాలామందికి తెలియదు. మగవాళ్లలో ఎముకను కాపాడేది ముఖ్యంగా ఈస్ట్రోజెన్, అది తయారయ్యేది టెస్టోస్టిరాన్ నుంచే. ఒకటి ఆగితే రెండోదీ పోతుంది. ఇప్పటిదాకా తీయకపోతే ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ అడగండి, విటమిన్ డి చూపించండి. ఎముకలకు జోలెడ్రోనిక్ ఆమ్లం గానీ డెనోసుమాబ్ గానీ రాస్తే, ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ మందుల మీద ఉండగా పన్ను పీకిస్తే దవడ ఎముక మానకపోవచ్చు.

కొత్తగా నడుం నొప్పి వచ్చి, కాళ్లు పట్టుతప్పినా, మూత్రం బిగుసుకున్నా ఇంజెక్షన్ వల్లే అనుకోకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.