లీవ్ క్లాష్ అయితే "మీరిద్దరూ మాట్లాడుకోండి" అని వదిలేయకండి ప్లీజ్

ఇది చాలా రోజులుగా రాయాలనుకుంటున్నా. టీమ్‌లో ఇద్దరు ఒకే తేదీలకి లీవ్ అడిగితే చాలామంది లీడ్‌లు చేసే పని ఒకటే, "మీరిద్దరూ మాట్లాడుకుని ఎవరు తీసుకుంటారో నాకు చెప్పండి" అనేస్తారు. వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది కానీ దాని ఫలితం ఏంటంటే ఇద్దరిలో మొహమాటం ఎక్కువున్నవాళ్లు ప్రతిసారీ వదులుకుంటారు, రెండోవాళ్లకి తాము ఏదో లాక్కున్నామన్న ఫీలింగ్ మిగులుతుంది. ఇంకా ఘోరం ఏంటంటే ఎవరి కారణం పెద్దదో తేల్చుకోవాలి కాబట్టి ఇంట్లో విషయాలన్నీ పక్క సీటు వాళ్ల ముందు పరచాలి. పిల్లలున్నారు కాబట్టి నాకే, పెళ్లి కాలేదు కాబట్టి నువ్వు ఎప్పుడైనా వెళ్లొచ్చు లాంటి మాటలన్నీ ఇక్కడే పుడతాయి. నాకు ఈ పద్ధతి అస్సలు నచ్చదు.

నా వాదన ఏంటంటే, అసలు క్లాష్ ఇద్దరు మనుషుల మధ్య ఉండదు. కొన్ని రోజుల్లో పనికి మనుషులు సరిపోకపోవడమే క్లాష్. ఆ రోజులు ఏవో విడిగా బయటికి తీస్తే చాలాసార్లు వారం గొడవ అనుకున్నది రెండు మూడు రోజులకి దిగుతుంది. మాకు జరిగింది చెప్తా, అప్పుడు అర్థమవుతుంది.

మా టీమ్‌లో ఆరుగురం, బిల్లింగ్ పని. ఏ రోజైనా కనీసం నలుగురు ఉండాలి, అంటే ఒకేసారి ఇద్దరు లీవ్‌లో ఉండొచ్చు, ముగ్గురు ఉండకూడదు. నేను 18 సోమవారం నుంచి 26 మంగళవారం వరకు అడిగా, శని ఆదివారాలు పోను 7 పనిరోజులు. మా టీమ్‌లోనే ఇంకో ఆవిడ 21 గురువారం నుంచి 29 శుక్రవారం వరకు అడిగారు, అవీ 7 రోజులే. లీడ్ మేడమ్ రెండు రిక్వెస్టులూ పక్కపక్కన చూసి "మీ ఇద్దరికీ క్లాష్ అవుతోంది, మాట్లాడుకోండి" అన్నారు. మేం రెండు రోజులు ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తిరిగాం. నాది తమ్ముడి కాన్వొకేషన్, ఆవిడది వాళ్లమ్మగారి కంటి ఆపరేషన్, ఇందులో ఏది పెద్దదని అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? నేనే వదిలేద్దామనుకున్నా, అప్పటికే లోపల కొంచెం కోపంగా కూడా ఉంది.

తర్వాత ఇద్దరం టీమ్ క్యాలెండర్ ఓపెన్ చేసి కూర్చున్నాం. రోజుకో వరుస రాసి దాని పక్కన ఆ రోజు లీవ్‌లో ఎంతమంది అని అంకె వేశాం, అంతే. ఇద్దరికీ కామన్‌గా ఉన్నవి 21, 22, 25, 26, నాలుగు రోజులు. అందులో 21, 22 తేదీల్లో మా ఇద్దరం తప్ప ఎవరూ లీవ్‌లో లేరు, నలుగురు ఉంటారు, లెక్క ప్రకారం ఇబ్బందే లేదు. 25, 26న మాత్రం ఇంకో అబ్బాయికి నెల ముందే అప్రూవ్ అయిన లీవ్ ఉంది, మేం ఇద్దరం కూడా వెళ్తే ముగ్గురు బయట ఉన్నట్టు. అంటే మనుషుల లెక్కలో అసలు క్లాష్ రెండు రోజులే.

కానీ తలల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం, ఇది చాలా టీమ్‌లు మర్చిపోయే విషయం. నలుగురు ఉన్నారు సరే, ఆ నలుగురికి ఆ రోజు పని వచ్చా? మా దగ్గర వెండర్ల పేమెంట్ రన్ ప్రతి శుక్రవారం ఉంటుంది, అది చేయడం వచ్చింది నాకూ ఆవిడకే. 22 శుక్రవారం. క్యాలెండర్‌లో పచ్చగా కనిపిస్తున్న ఆ రోజే నిజానికి ఇద్దరం ఒకేసారి లేకపోతే పని ఆగిపోయే రోజు. ఇది క్యాలెండర్ చూపించదు, పని చేసేవాళ్లకే తెలుస్తుంది, అందుకే రోజువారీ లెక్కలో అంకె పక్కన "ఈ రోజు తప్పనిసరిగా జరగాల్సిన పని ఏంటి, అది ఎవరికి వచ్చు" అని ఇంకో ముక్క రాసుకోవాలి.

సో మిగిలినవి మూడు రోజులు, 22, 25, 26. అప్పుడు ఒకరినొకరు కారణం అడగలేదు, "ఏ రోజులు అస్సలు మార్చలేవు, ఏవి జరపొచ్చు" అని మాత్రమే అడిగాం. నాకు కాన్వొకేషన్ 19న, ప్రయాణంతో కలిపి 18, 19, 20 కదలవు. 21, 22 ఇంట్లో ఉండాలని, 25, 26 ఊరికే రెస్ట్ కోసం కలిపినవి. ఆవిడకి ఆపరేషన్ 25న, ముందు టెస్టులు 22న, కాబట్టి 22 నుంచి కదలవు, 21 మాత్రం సామాన్లు సర్దుకోవడానికి అడిగారట. ఇంకేముంది, నేను 25, 26 వదిలేశా, ఆవిడ 21 వదిలేశారు. 22 శుక్రవారం పేమెంట్ రన్‌ని ఒక రోజు ముందుకి జరిపి 21 గురువారం ఆవిడే చేసేలా అనుకున్నాం. అలా జరపాలంటే మామూలుగా బుధవారం సాయంత్రం దాకా తీసుకునే బిల్లులు ఆ వారం మంగళవారం సాయంత్రానికే క్లోజ్ చేయాలి, ఆ సంగతి బిల్లులు పంపేవాళ్లందరికీ వారం ముందే చెప్పాలి, ఆ మెయిల్ లీవ్‌కి వెళ్లే ముందు నేను పంపుతానన్నా. బ్యాంక్ నుంచి వెనక్కొచ్చే పేమెంట్లు శుక్రవారం కనిపిస్తాయి, అవి సోమవారం దాకా ఆగినా ఫర్వాలేదా అని లీడ్‌ని అడిగితే ఆగొచ్చన్నారు. చివరికి నాకు 5 రోజులు, ఆవిడకి 6 రోజులు వచ్చాయి. మొత్తం అరగంట పట్టింది, అంతకుముందు రెండు రోజులు మాట్లాడుకోకుండా గడిపాం.

ఇక రిక్వెస్ట్ ఎలా రాయాలన్నది. నేను మొదట పెట్టింది ఇదీ: "హాయ్ మేడమ్, 18 నుంచి 26 వరకు లీవ్ కావాలి, ఫ్యామిలీ ఫంక్షన్ ఉంది, ప్లీజ్ అప్రూవ్ చేయండి." మనలో చాలామంది ఇలాగే రాస్తాం, మర్యాదగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ లీడ్ వైపు నుంచి చూడండి. 26 వరకు అంటే 26న కూడా రానా, 26న వచ్చేస్తానా? ఈ "వరకు" అనే మాటతో ఎన్ని గొడవలో. తేదీల్లో ఏది ముఖ్యమో ఏది కాదో తెలీదు, కాబట్టి ఆవిడ ముందున్న దారులు రెండే, మొత్తం ఇవ్వడం లేదా మొత్తం కాదనడం. మధ్యలో ఏదైనా ఆఫర్ చేయడానికి నేనే దారి ఇవ్వలేదు.

రెండోసారి ఇలా రాశా:

"మేడమ్, నా లీవ్ రిక్వెస్ట్ మార్చి మళ్లీ పెడుతున్నా. మొదటి లీవ్ రోజు 18 సోమవారం, చివరి లీవ్ రోజు 22 శుక్రవారం, మొత్తం 5 పనిరోజులు, 25 సోమవారం పొద్దున డ్యూటీలో ఉంటా. ఇందులో 18, 19, 20 మార్చలేను, 21, 22 మరీ అవసరమైతే మాట్లాడుకుందాం. టీమ్ క్యాలెండర్ చూశా, ఈ 5 రోజుల్లో 22న మాత్రమే ఇద్దరం లీవ్‌లో ఉంటాం, నలుగురు ఉంటారు. ఆ వారం పేమెంట్ రన్ 21న జరుగుతుంది, చేసే ఆవిడతో మాట్లాడా, సరేనన్నారు. వెనక్కొచ్చిన పేమెంట్లు 25న నేను చూస్తా. ముందు అడిగిన 25, 26 తీసేస్తున్నా. టికెట్లు తీసుకోవాలి కాబట్టి 6వ తేదీ బుధవారంలోగా చెప్పగలరా?"

చూడండి, ఇందులో బతిమాలడం లేదు, కారణం కూడా లేదు. కారణం రాయకూడదని కాదు, హాస్పిటల్ లాంటిదైతే ఒక్క ముక్క రాస్తే లీడ్‌కి తొందర తెలుస్తుంది, కానీ కారణం మీదే రిక్వెస్ట్ నిలబెట్టకండి. లీడ్ వెళ్లి వెతుక్కోవాల్సినవన్నీ మనమే పెట్టేస్తే ఆవిడకి మిగిలేది సరే అనడమో ఒక రోజు గురించి అడగడమో. ఒక చిన్న జాగ్రత్త, "తనతో మాట్లాడా" అని రాసేముందు నిజంగా మాట్లాడండి, కవర్ చేస్తారని పేరు రాసేసి తర్వాత చెప్పేవాళ్లని చూశా, అది చాలా తప్పు. అలాగే టికెట్లు బుక్ చేసేసి "ఇప్పుడు డబ్బులు పోతాయి మేడమ్" అనడం కూడా, అది పక్కవాళ్ల లీవ్ మీద మన డబ్బులు పెట్టడమే.

ముందు అడిగినవాళ్లకే ముందు అనే రూల్ సంగతి కూడా చెప్పాలి. మామూలు రోజులకి అది చాలు, సింపుల్‌గా ఉంటుంది, ఎవరూ వాదించలేరు. కానీ అందరూ కోరుకునే సెలవుల సీజన్‌కి ఆ రూల్ పెడితే సంవత్సరం మొదట్లోనే కొందరు "టెంటటివ్" అని క్యాలెండర్‌లో వారాలకి వారాలు ఆపేసుకుంటారు, వెళ్తారో లేదో వాళ్లకే తెలీదు. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం చూసుకునేవాళ్లకి అంత ముందుగా ప్లాన్ చేసే వీలుండదు, వాళ్లకి ఎప్పుడూ మిగిలిన తేదీలే. అలాంటి సీజన్‌కి ఒక ఆఖరి తేదీ పెట్టి అప్పటిదాకా వచ్చినవన్నీ కలిపి ఒకేసారి చూడాలి, టెంటటివ్ అని పెట్టినది రెండు వారాల్లో ఖాయం చేయకపోతే దానంతటదే పోవాలి. పోయినసారి ఎవరు వదులుకున్నారో క్యాలెండర్‌లోనే ఒక లైన్ రాసి ఉంచాలి, ఈసారి వాళ్లని ముందు అడగాలి. నోటిమాటగా ఉంచితే ఆర్నెల్ల తర్వాత వదులుకున్నవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తుండదు.

ఇంత చేసినా ఒక్కోసారి ఇద్దరికీ కదలని రోజు ఒకటే అవుతుంది. నాకూ తెలుసు. అప్పుడు మూడోవాళ్లకి ఆ పని నేర్పే టైమ్ ఉందా, పని జరిగే రోజు మార్చొచ్చా, పూట చొప్పున పంచుకోవచ్చా, ఇవి చూసి ఏదీ కుదరకపోతే లీడ్ తీర్పు చెప్పాలి, ఫలానా రోజులోగా చెప్తానని మాటిచ్చి ఆ రోజుకి చెప్పాలి, ఎందుకలా చెప్పారో ఇద్దరికీ ఒకే మాట చెప్పాలి. కాదన్నా బాధపడి ఊరుకుంటాం, కానీ వారాల తరబడి పెండింగ్‌లో పెడితే టికెట్లూ పోతాయి, పక్క సీటు మనిషితో మాటలూ పోతాయి.

మా టీమ్‌లో ఇప్పుడు మూడో మనిషికి పేమెంట్ రన్ నేర్పుతున్నాం, రెండు శుక్రవారాలు మా పక్కన కూర్చుని చేశాడు, మూడోది వాడే చేస్తాడు మేం చూస్తాం. నా రెండు రోజుల రెస్ట్ వచ్చే నెలకి అడిగా, ఆ రోజుల్లో లీవ్‌లో ఉన్నది నేనొక్కదాన్నే, అదే రోజు సాయంత్రానికి అప్రూవ్ అయింది.