పసిబిడ్డ ముక్కులో ఏ చుక్కలు వేస్తున్నాం?

హైదరాబాద్‌లో చలి మొదలైందంటే మెడికల్ షాపుల్లో తరచూ వినిపించే మాట, "బాబుకి ముక్కు మూసుకుపోయింది, చుక్కలు ఇవ్వండి." కౌంటర్ మీదకి వచ్చే బాటిల్ రెండు రకాల్లో ఏదైనా కావచ్చు. ఒకటి ఉత్త ఉప్పునీరు, అంటే సెలైన్. రెండోది ముక్కులోని రక్తనాళాలను కుదించే మందు. రెండూ చిన్న ప్లాస్టిక్ బాటిళ్లే, కొన్నిసార్లు బ్రాండ్ పేరు కూడా దాదాపు ఒకటే. తేడా తెలిసేది వెనక చిన్న అక్షరాల్లో ఉన్న కాంపోజిషన్ దగ్గరే. సోడియం క్లోరైడ్ ఒక్కటే, 0.65 లేదా 0.9 శాతం అని ఉంటే సెలైన్. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ అని ఉంటే అది మందు.

పెద్దలకు ఈ మందు నిమిషాల్లో పనిచేస్తుంది. అందుకే ఇంట్లో మిగిలిన బాటిల్ నుంచి "రెండు చుక్కలే కదా" అని పిల్లలకు వేస్తారు. ఆ రెండు చుక్కల లెక్క చూద్దాం. పెద్దల జైలోమెటాజోలిన్ బాటిల్ 0.1 శాతం, అంటే ఒక ఎంఎల్‌లో 1 మిల్లీగ్రాము మందు. సుమారు 20 చుక్కలు ఒక ఎంఎల్. రెండు ముక్కు రంధ్రాల్లో కలిపి నాలుగు చుక్కలు వేస్తే 0.2 మిల్లీగ్రాములు. అవే నాలుగు చుక్కలు 60 కిలోల తండ్రి వేసుకున్నా, ఐదు కిలోల రెండు నెలల బాబుకి వేసినా, కిలో బరువుకి బాబుకి అందేది పన్నెండు రెట్లు. పైగా అది ముక్కులోనే ఉండిపోదు. లోపలి పొర నుంచి రక్తంలోకి వెళ్తుంది, గొంతులోకి జారింది కడుపులోకి పోతుంది. స్ప్రే బాటిల్‌ని తలకిందులుగా పట్టి నొక్కితే తుంపరకు బదులు ధారే వస్తుంది, అప్పుడు లెక్కే ఉండదు.

రక్తంలో కలిసిన మందు మెదడు మీద కూడా పనిచేస్తుంది. బిడ్డ మత్తుగా పడుకుంటుంది, గుండె వేగం తగ్గుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇక్కడే: రాత్రంతా ఏడ్చిన బిడ్డ చుక్కలు వేయగానే నిద్రపోతే, మందు బాగా పనిచేసిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఈ కోవకు చెందిన మందులు ఒకటి రెండు ఎంఎల్ మింగినా చిన్నపిల్లలకు తీవ్రమైన హాని జరగొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరించింది. వరసగా కొన్ని రోజులు వాడితే ఇంకో చిక్కు, మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికన్నా ఎక్కువగా బిగుసుకుంటుంది. డాక్టరు బిడ్డను చూసి, తక్కువ శాతం చుక్కలు కొద్ది రోజులకు రాయడం వేరు. షాపులో అడిగి తెచ్చుకోవడం వేరు.

సెలైన్ వాపు తగ్గించదు. గట్టిపడిన చీమిడిని మెత్తబరుస్తుంది, అంతే. కాసేపటికి ముక్కు మళ్లీ మూసుకుంటుంది కాబట్టి ఎప్పుడు వేస్తామన్నదే ముఖ్యం. మొదటి కొన్ని నెలలు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు, ముక్కు మూసుకుంటే పాలు తాగలేరు. అందుకే పాలకు పది, పదిహేను నిమిషాల ముందు వేయాలి. వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద మడత పెట్టిన టవల్ ఉంచి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు చుక్కలు. బాటిల్ మూతి ముక్కుకి తగలకూడదు. ఒకటి రెండు నిమిషాలాగి, బయటికి వచ్చింది మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. రబ్బరు బల్బు వాడితే ముందే బయట నొక్కి, ముక్కు అంచు దగ్గరే ఉంచి వదలాలి. మాటిమాటికీ లాగితే లోపలి పొర వాచి, కథ మొదటికొస్తుంది. ఇంట్లో ఉప్పు కలిపిన నీళ్లు వద్దు, పాళ్లు కుదరవు, శుభ్రతకు నమ్మకం లేదు. నానమ్మలు నూనె చుక్క వేస్తామంటే అదీ వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా రావచ్చు. సాంబ్రాణి పొగ కూడా జలుబు ఉన్నన్నాళ్లు మానేయాలి.

బిడ్డ బాగా తాగుతూ, ఆడుతూ ఉంటే ముక్కు గురగురలాడినా ఏమీ వేయక్కర్లేదు. పాలు సగానికి తగ్గినా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా, ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు లెక్కపెడితే రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆపైన ఏడాది లోపు 50 శ్వాసలు వచ్చినా, అది ముక్కు సమస్య కాదు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించాలి.

పిల్లాడు ఆ మందు బాటిల్ నోట్లో పెట్టుకున్నాడని తెలిస్తే వాంతి చేయించొద్దు, మత్తు వస్తుందేమో చూద్దామని ఆగొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, బాటిల్ వెంట తీసుకెళ్లండి. అందులో ఏ మందు, ఎంత శాతం, ఎంత తగ్గింది అన్నవి డాక్టరు మొదట అడిగే ప్రశ్నలు.