బెండర్-ష్మిట్ సూత్రం దాచేసే సంగతి

కడ్డీలో వేడి ఎలా పాకుతుందో చెప్పే హీట్ ఈక్వేషన్‌ని ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో, అంటే ఈ క్షణపు విలువల నుంచే నేరుగా తర్వాతి క్షణపు విలువలు లెక్కిస్తూ, సాధించమంటే మన ఇంజినీరింగ్ పిల్లలు వెంటనే బెండర్-ష్మిట్ సూత్రం అందుకుంటారు. ఎడమ విలువ, కుడి విలువ కలిపి రెండుతో భాగిస్తే కింది వరస వచ్చేస్తుంది, మార్కులూ వచ్చేస్తాయి. నా గొడవ ఏంటంటే, ఆ సూత్రంలో అసలు చూడాల్సిన పదమే మాయమైపోయింది. మాయమైన దాని గురించి ఒక్క మాట చెప్పకుండా "r సగం దాటకూడదు" అని బోర్డు మీద రాసి డబ్బా గీసేస్తే, అది ఎందుకో ఎవరికి అర్థమవుతుంది?

కడ్డీ మీద Δx దూరానికొక బిందువు పెట్టి, Δt కాలానికోసారి ఉష్ణోగ్రత లెక్కిస్తాం. ఆ పదార్థంలో వేడి ఎంత త్వరగా పాకుతుందో α చెబుతుంది. అసలు సూత్రం ఇది:

```
కొత్త విలువ = r·ఎడమ + (1 − 2r)·తన పాత విలువ + r·కుడి
r = α·Δt / Δx²
```

r = 1/2 పెడితే మధ్యలో ఉన్న 1 − 2r సున్నా అయిపోతుంది. చేత్తో లెక్క వేయడానికి సులువు కాబట్టి బెండర్-ష్మిట్‌లో అలా పెట్టారు, బాగానే ఉంది. కానీ స్టెబిలిటీ కథంతా ఆ 1 − 2r లోనే ఉంది.

చేసి చూద్దాం. 6 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీ, రెండు చివరలూ ఐసులో, అంటే ఎప్పుడూ 0 డిగ్రీలు. అల్యూమినియంకి α సెకనుకి దాదాపు 1 చదరపు సెంటీమీటరు ఉంటుంది, లెక్క కోసం సరిగ్గా 1 అనుకుందాం. Δx = 1 సెం.మీ. మొదటి వరస:

```
0   20   40   100   40   20   0
```

Δt = 0.25 సెకను తీసుకుంటే r = 0.25. నడిమి బిందువు: 0.25×40 + 0.5×100 + 0.25×40 = 70. దాని పక్కది: 0.25×20 + 0.5×40 + 0.25×100 = 50. ఆ పక్కది: 0 + 10 + 10 = 20, అది కదల్లేదు. కొత్త వరస 0, 20, 50, 70, 50, 20, 0. శిఖరం కరిగి పక్కలకి సర్దుకుంది, వేడి చేసేది అదే.

ఇప్పుడు తొందరపడి Δt = 1 సెకను పెట్టండి. r = 1, కాబట్టి తన పాత విలువ ముందు −1 వచ్చి కూర్చుంటుంది. నడిమిది 40 − 100 + 40 = −20. చివరలు ఐసులో ఉన్న కడ్డీలో, ఎక్కడా సున్నా కంటే తక్కువ లేనప్పుడు, అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు ఐసు కంటే చల్లబడింది! వరస 0, 20, 80, −20, 80, 20, 0. ఇంకో స్టెప్ వేస్తే నడిమిది 180. ఏ మంటా లేకుండా 100 కాస్తా 180 అయింది. గుణకం రుణం అయితే జరిగేది ఇదే: ఒక బిందువు ఎంత వేడిగా ఉంటే దాన్ని అంత చల్లగా మార్చేస్తుంది, తర్వాతి స్టెప్‌లో అంతకు మించి వెనక్కి తిప్పుతుంది. r సగం లోపల ఉంటే మూడు గుణకాలూ రుణం కావు, మొత్తం 1, కాబట్టి కొత్త విలువ పాత మూడింటి మధ్యే ఉండి తీరాలి. డబ్బాలో రాసిన షరతుకి కారణం ఇదే, పిల్లలకి చెప్పడానికి పది నిమిషాలు చాలు.

ఇంకో విషయం. తప్పు పట్టుకోవడానికి మొత్తం వేడిని కలిపి చూద్దామంటే కుదరదు. మొదటి వరస మొత్తం 220, ఆ పిచ్చి స్టెప్ తర్వాత 180, తగ్గిన 40 సరిగ్గా చివరల నుంచి బయటికి పోవాల్సినంతే. కూడికలు అన్నీ సరైనవే, జవాబు మాత్రం చెత్త. అందుకే మొత్తం కాదు, గరిష్ఠం, కనిష్ఠం చూడాలి: పాత హద్దులు దాటాయంటే Δt పెద్దదైపోయిందని అర్థం.

కంప్యూటర్‌లో ఇది ఇంకా మోసం చేస్తుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండే రంపపు పళ్ళ లాంటి హెచ్చుతగ్గు ప్రతి స్టెప్‌లో దాదాపు 1 − 4r రెట్లు అవుతుంది. r = 0.6 అయితే అది −1.4. నునుపైన వరసతో మొదలుపెడితే తొలి పదుల స్టెప్పుల్లో ఏమీ కనిపించదు, పదహారో దశాంశంలో ఉన్న రౌండింగ్ తేడా మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. వంద స్టెప్పుల దగ్గరికొచ్చేసరికి గ్రాఫ్ మీద పళ్ళు మొలుస్తాయి. అప్పుడు కోడ్‌లో బగ్ ఉందని రాత్రంతా వెతుకుతారు పాపం.

మరి సరిగ్గా సగం దగ్గర ఏమవుతుంది? మన కడ్డీకే బెండర్-ష్మిట్ వేస్తే 0, 20, 60, 40, 60, 20, 0 వస్తుంది. హద్దులు దాటలేదు, పేలిపోదు కూడా. కానీ నడిమిది పక్కవాటికంటే చల్లగా ఉంది, నిజం కడ్డీలో అలా ఎప్పటికీ జరగదు. పరీక్షల్లో నునుపైన వరసలే ఇస్తారు కాబట్టి ఇది బయటపడదు. నా మటుకు నేను r ని పావు దాటనివ్వను. దానికి ఖరీదు ఉంది: Δx సగం చేస్తే Δt నాలుగో వంతుకి దించాలి, బిందువులు రెండింతలు, స్టెప్పులు నాలుగింతలు, మొత్తం పని ఎనిమిదింతలు. అది భరించలేనప్పుడే, Δt పెద్దదైనా పేలిపోని ఇంప్లిసిట్ పద్ధతి క్రాంక్-నికల్సన్ దగ్గరికి వెళ్ళాలి, సిలబస్‌లో తర్వాతి చాప్టర్ కాబట్టి కాదు.