సీతాకోకచిలుకను వదిలేయండి, దశాంశ స్థానాలు చూడండి

"నీ చిన్న ప్రయత్నమే రేపటి తుఫాను" అంటూ సీతాకోకచిలుక బొమ్మతో వచ్చే వాట్సాప్ ఫార్వర్డ్‌లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదే మనిషి మర్నాడు వాన పడకపోతే "వాతావరణ శాఖ వాళ్లకి ఏం తెలుసు" అని పోస్ట్ పెడతాడు. బటర్‌ఫ్లై ఎఫెక్ట్ అంటే నిజంగా ఏంటో తెలిస్తే ఆ రెండు పోస్టుల్లో ఏదీ పెట్టడు. అది చిన్నవాడి గొప్పతనం గురించిన మాట కాదు. కొలతలో మిగిలిపోయే చిన్న తేడా ఎన్ని రోజుల్లో మన అంచనాను మింగేస్తుందో చెప్పే లెక్క.

ఆ లెక్క బయటపడింది 1961లో, అమెరికాలోని ఎంఐటీలో. ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త పన్నెండు సమీకరణాలతో ఒక బొమ్మ వాతావరణం తయారుచేసి, ఎల్‌జీపీ-30 అనే కంప్యూటర్ మీద నడిపేవాడు. ఆ మెషీన్‌కి ఒక రోజు వాతావరణం లెక్క కట్టడానికి ఒక నిమిషం పట్టేది. ఒకసారి పాత ఫలితాన్ని ఇంకాస్త వివరంగా చూడాలనుకుని, మధ్యలో ఒక చోట ప్రింట్ అయిన అంకెల్ని తీసుకుని మళ్లీ టైప్ చేసి లెక్క మొదలుపెట్టాడు. కాఫీకి వెళ్లి గంట తర్వాత వచ్చి చూస్తే, మెషీన్ దాదాపు రెండు నెలల వాతావరణం లెక్క కట్టేసింది. కొత్త ఫలితానికీ పాతదానికీ పొంతనే లేదు.

మొదట మెషీన్‌లో ఏదో వాక్యూమ్ ట్యూబు పోయిందనుకున్నాడు. తర్వాత వరసగా అంకెలు పోల్చి చూస్తే అసలు సంగతి తెలిసింది. మెషీన్ తన మెమరీలో ఆరు దశాంశ స్థానాలు ఉంచుకునేది: 0.506127. కాగితం మీద చోటు కలిసొస్తుందని మూడే ప్రింట్ చేసేది: 0.506. లోరెంజ్ టైప్ చేసింది కాగితం మీది అంకె. రెండింటికీ తేడా 0.000127, అంటే అసలు విలువలో సుమారు నాలుగు వేలల్లో ఒక వంతు. నిజమైన వాతావరణాన్ని అంత కచ్చితంగా కొలిస్తే ఎవరైనా సంబరపడతారు.

ఆ తేడా దాదాపు నాలుగు రోజులకోసారి రెట్టింపయిందని ఆయన గమనించాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క వేసి చూడండి. నలభై ఎనిమిది రోజుల్లో పన్నెండు రెట్టింపులు. రెండుని పన్నెండు సార్లు హెచ్చిస్తే 4096. దాన్ని 0.000127తో గుణిస్తే సుమారు 0.52 వస్తుంది. అంటే తేడా పెరిగి పెరిగి అసలు అంకె అంతైపోయింది! రెండో నెలలో పోలిక పూర్తిగా పోవడానికి కారణం అదే. మొదటి వారాల్లో రెండు ఫలితాలు ఒక్కలాగే కనిపిస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. రెట్టింపు అవుతూ పెరిగేదానితో చిక్కే అది. చాలాకాలం కంటికి కనిపించదు, కనిపించాక ఆపడానికి టైమ్ ఉండదు.

ఇందులో అదృష్టం, యాదృచ్ఛికత ఏమీ లేవని గమనించండి. అదే 0.506127తో వందసార్లు నడిపినా వందసార్లూ అదే ఫలితం వస్తుంది. సూత్రాలు కచ్చితమైనవే. మొదలుపెట్టే అంకె మాత్రమే మనకు పూర్తిగా తెలియదు.

ఇప్పుడు మన ఆకాశానికి వద్దాం. రోజూ మన టైమ్ ప్రకారం ఉదయం 5:30 ప్రాంతంలో, సాయంత్రం 5:30 ప్రాంతంలో ప్రపంచమంతటా కేంద్రాల నుంచి బెలూన్లు పైకి వెళతాయి. హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ కూడా. పైన ఎంత వేడి, ఎంత తేమ, గాలి ఎటు అన్నది చెబుతాయి. బంగాళాఖాతం మధ్యలో బెలూన్ వదిలేవాళ్లు లేరు, అక్కడ ఉపగ్రహాల మీదే ఎక్కువగా ఆధారపడాలి. ఎంత మంచి పరికరమైనా చిన్న తేడా ఉంటుంది, రెండు కేంద్రాల మధ్య ఖాళీలో ఏముందో ఊహించాల్సిందే.

ఆ తేడా 0.2 డిగ్రీలే అనుకుందాం. పెద్ద స్థాయి గాలుల్లో ఇలాంటి తేడాలు రెట్టింపవడానికి ఉజ్జాయింపుగా రెండు రోజులు పడుతుంది. నాలుగో రోజుకి 0.8, ఎనిమిదో రోజుకి 3.2, పదో రోజుకి 6.4 డిగ్రీలు. సరే, కోట్లు ఖర్చుపెట్టి పది రెట్లు మంచి పరికరాలు కొన్నాం, తేడా 0.02కి దిగింది. అది మళ్లీ 0.2 అవడానికి మూడు రెట్టింపులు దాటితే చాలు. పది రెట్లు మంచి కొలతకి మనకు దక్కేది ఆరేడు రోజులు. ఇంకో పది రెట్లు బాగుచేస్తే ఇంకో ఆరేడు రోజులు.

అసలు సంగతి ఇంకా కష్టం. ఒక్కో ఉరుముల మేఘం లాంటి చిన్న స్థాయిలో తేడాలు రోజుల్లో కాదు, గంటల్లో రెట్టింపవుతాయి. అవి పెరిగి పెద్ద గాలుల లెక్కనూ పాడుచేస్తాయి. కాబట్టి చిన్న చిన్న వివరాలు కొలిచేకొద్దీ దక్కే లాభం తగ్గిపోతూ ఉంటుంది. ఏ రోజు వాతావరణం ఎలా ఉంటుందో విడిగా చెప్పడానికి సుమారు రెండు వారాలు హద్దు అని లోరెంజ్ తర్వాతి పరిశోధనల నుంచి వచ్చిన అంచనా. అందుకే పదిహేనో రోజుకి "మధ్యాహ్నం 3 గంటలకు వాన" అని చూపించే ఫోన్ యాప్ మీద నాకు కోపం. అక్కడ లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపించి, జనం దాన్నిబట్టి వరి కోత, పెళ్లి పందిరి నిర్ణయించుకునేలా చేస్తోంది.

చిన్న తేడా ఇలా పెరిగి లెక్కను తారుమారు చేయడాన్నే కేయాస్ అంటారు. దాని మీద ఇంకో అపోహ: కేయాస్ అంటే ఏదైనా జరగొచ్చని. కాదు. రెట్టింపవడం అనంతంగా సాగదు. ఆ ఊళ్లో, ఆ కాలంలో సహజంగా రోజుకీ రోజుకీ ఉండే తేడా దాకా వచ్చి ఆగిపోతుంది. మే నెలలో రామగుండంలో మంచు కురుస్తుందని ఏ లెక్కా చెప్పదు. పది రోజుల తర్వాతి వాన తెలియనివాళ్లు దశాబ్దాల తర్వాతి వేడి గురించి ఎలా చెబుతారని అడిగేవాళ్లకు జవాబు ఇందులోనే ఉంది. ఫలానా రోజు ఏమవుతుందన్నది ఒక ప్రశ్న, ఆ కాలంలో సగటు ఎటు జరుగుతుందన్నది వేరే ప్రశ్న.

ఇక సీతాకోకచిలుక సంగతి. 1972లో లోరెంజ్ ఇచ్చిన ఉపన్యాసానికి, బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్కలు ఆడిస్తే టెక్సాస్‌లో టోర్నడో వస్తుందా అన్న శీర్షిక పెట్టింది ఫిలిప్ మెరిలీస్ అనే సహశాస్త్రవేత్త. రెక్కలు ఆడించడం టోర్నడోని తెప్పించగలిగితే, రాబోయే టోర్నడోని ఆపనూగలదని లోరెంజ్ ఆ ఉపన్యాసంలోనే చెప్పాడు. ఫార్వర్డ్‌లలో ఈ సగం ఎప్పుడూ ఉండదు.

హద్దు తెలిసిన శాస్త్రవేత్తలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1992 నుంచి యూరప్, అమెరికా కేంద్రాలు ఒకే లెక్కను మొదలుపెట్టే అంకెల్లో కావాలని చిన్న చిన్న తేడాలు పెట్టి చాలాసార్లు నడుపుతున్నాయి. యూరప్ కేంద్రం యాభై ఒక్కసార్లు నడుపుతుంది. 2018లో మన వాతావరణ శాఖ కూడా భూమిని 12 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి ఇలాంటి విధానం మొదలుపెట్టింది. ఆ ఫలితాలన్నిటినీ గీతలుగా గీసినప్పుడు అవి అయిదో రోజు దాకా కలిసి నడిస్తే ఆ అంచనాను నమ్మొచ్చు. రెండో రోజుకే చెల్లాచెదురైతే ఆ రోజు ఆకాశమే అంచనాకు లొంగడం లేదని అర్థం. కొలత ఒకటే, మనుషులూ వాళ్లే, అయినా ఒక వారం బాగా చెప్పగలుగుతారు, మరో వారం చెప్పలేరు.

తుఫాను వచ్చినప్పుడు టీవీ వాళ్లు ఒకే ఎర్ర గీత గీసి "కాకినాడ దగ్గర తీరం దాటుతుంది" అంటారు. వాతావరణ శాఖ మ్యాపులో ఆ గీత చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే పట్టీ ఉంటుంది. తుఫాను ఎక్కడెక్కడికి వెళ్లే అవకాశం ఉందో చెప్పేది అదే. దాన్ని తీసేసి గీత మాత్రం చూపిస్తే, ఒంగోలు, శ్రీకాకుళం వాళ్లు తమకేం కాదనుకుని నిద్రపోతారు. గీత చూపించే ప్రతిసారీ ఆ పట్టీ కూడా చూపించాలి, నేను అడుగుతున్నది అంతే.