వాచీ చెప్పేది నిన్నటి లయ, డాక్టరు చూసేది ఇవాళ్టి లయ

గుండె లయ క్రమం తప్పినట్టు కనిపిస్తోందని, అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చని చేతి వాచీలో సందేశం వస్తుంది. అది చూడగానే కొందరు అర్ధరాత్రి అయినా సరే ఎమర్జెన్సీకి పరుగెత్తుతారు. ఇంకొందరు మర్నాడు వీధి చివరి డయాగ్నస్టిక్ సెంటర్లో ఈసీజీ తీయించుకుని, కాగితం మీద ‘నార్మల్’ అని ఉండటం చూసి వాచీదే తప్పని తేల్చేస్తారు. మొదటివాళ్లకు పోయేది ఒక రాత్రి నిద్ర, కొంత డబ్బు. రెండోవాళ్ల తీర్పే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఎందుకంటే నిజమైన ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషి కూడా సరిగ్గా ఇలాగే ‘నార్మల్’ కాగితంతో ఇంటికి రావచ్చు.

గుండె పైగదులు ఒక పద్ధతి ప్రకారం ముడుచుకోకుండా అదిరినట్టు కొట్టుకోవడమే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. డాక్టర్లు పొట్టిగా ఏఫిబ్ అంటారు. పైగదుల్లో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకే దీన్ని పట్టించుకోవాలి. చాలామందిలో ఇది మొదట్లో వచ్చి పోతూ ఉంటుంది. రాత్రి రెండు గంటల సేపు ఉండి, పొద్దుటికి మామూలైపోవచ్చు. మనిషికి ఏమీ తెలియకపోవచ్చు కూడా. గుండెను పన్నెండు వైపుల నుంచి చూసే పన్నెండు లీడ్ల ఈసీజీ అయినా చూసేది పది సెకన్లు. ఆ పది సెకన్లలో ఏఫిబ్ లేదంటే అప్పుడు లేదనే అర్థం.

వాచీ చేసే పని వేరు. వెనకవైపు ఆకుపచ్చ కాంతి చర్మం కింద రక్తం పారే తీరును చూసి నాడి కొట్టుకునే విరామాలను లెక్కిస్తుంది. అది గుండె విద్యుత్తును చూడటం లేదు, నాడిని మాత్రమే చూస్తోంది. ఆపిల్ వాచీ అయితే మనిషి కదలకుండా ఉన్నప్పుడు అప్పుడప్పుడు ఒక నిమిషం నమూనా తీసుకుంటుంది. అందులో తేడా కనిపిస్తే నమూనాలు త్వరత్వరగా తీసి, ఆరింటిలో అయిదు క్రమం తప్పితేనే సందేశం పంపుతుంది. ఒకసారి దడ వచ్చినంత మాత్రాన సందేశం రాదు.

దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించినది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు నడిపిన ఆపిల్ హార్ట్ స్టడీ. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. పాల్గొన్నవాళ్లు 4,19,297 మంది. సందేశం వచ్చింది 2,161 మందికి, అంటే సగటున రెండు వందల మందిలో ఒకరికి. వాళ్లలో కొందరికి ఛాతీ మీద అంటించుకునే ఈసీజీ ప్యాచ్‌ను పోస్టులో పంపారు. ప్యాచ్ తిరిగి వచ్చి, రికార్డు చదవడానికి వీలైన 450 మందిలో ఏఫిబ్ కనిపించింది 34 శాతానికే.

ఈ 34 శాతం చూసి ‘మూడింట రెండు వంతులు తప్పుడు హెచ్చరికలే’ అనేవాళ్లున్నారు. ఆ లెక్క సరికాదు. సందేశం వచ్చాక ప్యాచ్ చేతికి అంది, అంటించుకునే సరికి సుమారు రెండు వారాలు గడిచాయి. ఈలోగా వచ్చిపోయే ఏఫిబ్ వచ్చి పోయి ఉండొచ్చు. అదే అధ్యయనంలో ప్యాచ్ ఛాతీ మీద ఉండగానే వాచీ మళ్లీ సందేశం పంపిన సందర్భాలను విడిగా చూశారు. అప్పుడు ఆ క్షణాన ఈసీజీలో ఏఫిబ్ ఉన్నది 84 శాతం సార్లు. 34కీ 84కీ మధ్య ఉన్న తేడాలో పెద్ద పాలు కాలానిదే. ఫిట్‌బిట్ చేసిన ఇలాంటి అధ్యయనంలోనూ తర్వాత పెట్టిన ప్యాచ్‌లో ఏఫిబ్ కనిపించింది 32 శాతానికే. ప్యాచ్ ఉండగా వచ్చిన సందేశాలు మాత్రం 98 శాతం నిజమయ్యాయి. ఫిట్‌బిట్ పద్ధతికి దాదాపు అరగంట సేపు లయ తప్పి ఉండాలి. అందుకే అది పలికితే నమ్మదగ్గది, కానీ పది నిమిషాల ఏఫిబ్ దానికి దొరకదు. సందేశం రాలేదు కాబట్టి గుండె బాగున్నట్టే అనుకోకూడదని చెప్పడానికి కూడా ఇదే కారణం.

కాబట్టి డాక్టరును కలిసేలోపు మన చేతిలో ఉన్న పని ఒక్కటే. వాచీ చూసిన సమయాన్ని, డాక్టరు చూసే సమయాన్ని కలిపే ఆధారం సంపాదించాలి. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. గుంటూరులో 67 ఏళ్ల రిటైర్డ్ మాస్టారు ఉన్నారనుకుందాం. పదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు, షుగర్ లేదు. డాలస్‌లో ఉన్న కొడుకు పంపిన వాచీ పెట్టుకుని పడుకున్నారు. తెల్లవారి లేచేసరికి సందేశం ఉంది. కొడుకు ఫోన్ చేసి, “నాన్నా, ముందు ఒంట్లో ఎలా ఉందో చెప్పండి” అని అడుగుతాడు. ఆ ప్రశ్నే మొదటిది. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, కూర్చున్నా ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి బలం తగ్గడం, మాట తడబడటం, వీటిలో ఏది ఉన్నా వాచీ సంగతి పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి వ్యవధి మామూలుగా నాలుగున్నర గంటలే. కదలకుండా కూర్చున్నా నాడి 120కి పైన నిలిచిపోతే అదే రోజు చూపించుకోవాలి. గుండెపోటును మాత్రం ఈ వాచీలు పసిగట్టలేవు.

మాస్టారికి అవేవీ లేవు. అయితే అప్పుడే, వాచీలో ఈసీజీ యాప్ ఉంటే చెయ్యి బల్ల మీద ఆనించి, రెండో చేతి వేలు బటన్ మీద ముప్పై సెకన్లు ఉంచి రికార్డు చేయాలి. ఇది ఆకుపచ్చ కాంతి లెక్క కాదు, నిజమైన విద్యుత్ రేఖ. ఒక లీడే అయినా, ముప్పై సెకన్ల రేఖలో ఏఫిబ్ ఉందని డాక్టరు స్వయంగా చదివి చెబితే రోగనిర్ధారణకు సరిపోతుందని యూరప్ హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు అంగీకరిస్తున్నాయి. డాక్టరు చదవాలి అన్నది ముఖ్యం. యాప్ రాసే ‘ఏఫిబ్’ అన్న మాటతో నిర్ధారణ కాదు. ఆపిల్ అయితే ఫోన్‌లోని హెల్త్ యాప్‌లో ఆ రికార్డు తెరిచి Export PDF నొక్కితే ఆ రేఖ కాగితం రూపంలో వస్తుంది. స్క్రీన్‌షాట్ కంటే డాక్టరుకు అది చాలా నయం. ఆ తర్వాత రోజుల్లో ఎప్పుడు దడగా అనిపించినా, మళ్లీ సందేశం వచ్చినా అలాగే తీసి ఉంచాలి.

ఈసీజీ లేని వాచీ అయితే చేతి వేళ్లున్నాయి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు నాడి మీద రెండు వేళ్లు ఆనించి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే లయ సంగతి తెలియదు. ఊపిరి పీల్చినప్పుడు కొంచెం వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంటే అది పడుచువాళ్లలో మామూలే. లయ సమంగా సాగుతూ మధ్యలో ఒక దెబ్బ తప్పిపోయి మళ్లీ దారిలో పడితే, చాలాసార్లు అవి అదనపు దెబ్బలు. వాచీ పొరబడే ప్రధాన కారణాల్లో ఇవొకటి. ఏఫిబ్‌లో అయితే ఏ దెబ్బ ఎప్పుడు పడుతుందో ఊహకు అందదు. అలా అనిపిస్తే సమయం, నిమిషానికి ఎన్ని, ఎంతసేపు అన్నది రాసి పెట్టుకోవాలి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఒకసారి కాకుండా మూడుసార్లు చూడాలి, ఏఫిబ్‌లో ఒక్కో రీడింగ్ ఒక్కోలా వస్తుంది.

ముందు రోజు ఏం జరిగిందో కూడా ఆ కాగితం మీదే రాయాలి. జ్వరం, మద్యం, కొత్త మందు, గురకతో తెగిపోయే నిద్ర, ఇటీవలి ఆపరేషన్, థైరాయిడ్ చరిత్ర, ఇవన్నీ డాక్టరు అడిగేవే. ఒక పని మాత్రం చేయకూడదు. గుండె అనగానే మన ఇళ్లలో ఇకోస్ప్రిన్ అనే ఆస్పిరిన్ స్ట్రిప్పు కోసం చెయ్యి వెళ్తుంది. ఏఫిబ్‌లో గడ్డ కట్టకుండా ఆపడానికి ఆస్పిరిన్ అంతగా పనిచేయదు, రక్తస్రావం భయం మాత్రం ఉంటుంది. స్టెంట్ వంటి కారణంతో ఇప్పటికే వాడుతున్నవాళ్లు సొంతంగా మానకూడదు, వాడనివాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు.

మాస్టారు రెండు మూడు రోజుల్లో డాక్టరును కలిస్తే చాలు. అక్కడ పన్నెండు లీడ్ల ఈసీజీ నార్మల్ రావచ్చు. అప్పుడు ఆయన అడగాల్సింది, “ఎక్కువ రోజుల హోల్టర్ పెట్టించుకోవాలా డాక్టరు గారూ?” అని. ఒంటికి తగిలించుకుని తిరుగుతుండగా ఆపకుండా ఈసీజీ నమోదు చేసే యంత్రమే హోల్టర్. ఇరవై నాలుగు గంటల హోల్టర్ కంటే ఏడు నుంచి పద్నాలుగు రోజుల ప్యాచ్‌లో దొరికే అవకాశం ఎక్కువ. ఎకో, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా రాయవచ్చు. ఏఫిబ్ అని తేలితే మందు వాడాలా వద్దా అన్నది వాచీ ఎన్నిసార్లు మోగిందన్న దాన్ని బట్టి కాకుండా పక్షవాతం ముప్పును బట్టి తేలుతుంది. ఆ ముప్పును పాయింట్లలో లెక్కిస్తారు. 65 నుంచి 74 ఏళ్ల వయసుకు ఒక పాయింటు, బీపీకి ఒకటి, షుగర్‌కు ఒకటి, గుండె బలహీనతకు ఒకటి, రక్తనాళాల జబ్బుకు ఒకటి, 75 దాటితే రెండు, ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉంటే రెండు. మాస్టారికి రెండు పాయింట్లు. ఈసీజీలో ఏఫిబ్ రుజువైతే ఆయనకు రక్తం గడ్డకట్టకుండా చూసే మందు సాధారణంగా సిఫారసు చేస్తారు.

ఇదే సందేశం హైదరాబాద్‌లో 28 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వస్తే తూకం మారుతుంది. ఆపిల్ అధ్యయనంలో 65 దాటినవాళ్లలో సుమారు 3 శాతానికి సందేశం వస్తే, నలభై లోపు వాళ్లలో వచ్చింది వెయ్యికి ఇద్దరి కంటే తక్కువ మందికి. అంత చిన్న వయసులో అదనపు దెబ్బలో, వదులు పట్టీయో కారణం కావడానికి ఎక్కువ అవకాశం. అయినా మన దేశంలో ఒక మినహాయింపు ఉంది, దాన్ని అమెరికా లెక్కలు చూపవు. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరాలు వచ్చినవాళ్లలో, రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటం ఇరుకై, ముప్పై ఏళ్లకే ఏఫిబ్ రావచ్చు. కవాటం ఒక మోస్తరుగా గానీ, అంతకు మించి గానీ ఇరుకైతే పైన చెప్పిన పాయింట్ల లెక్క వర్తించదు. వయసు ఎంతైనా వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ వంటి మందు వేసి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షతో మోతాదు సరిచూస్తారు. కొత్త రకం మాత్రల్లో ఒకటైన రివరోక్సబాన్ కంటే ఇవే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ పరిశోధన చూపింది. అందుకే చిన్నప్పటి కీళ్ల జ్వరాలు గానీ, మెట్లెక్కితే ఆయాసం గానీ ఉన్న యువతి వాచీ సందేశంతో వస్తే, వయసు చూసి పంపేయకుండా ఎకో తీయాలని గట్టిగా అంటాను.

నిజంగా కష్టమైన ప్రశ్న మధ్యలో ఉంది. ఏఫిబ్ ఉందని తేలుతుంది, కానీ కొద్ది నిమిషాలే. శరీరంలో పేస్‌మేకర్ వంటి పరికరం ఉన్నవాళ్లలో ఇలాంటి చిన్న ఏఫిబ్‌ల మీద 2023లో రెండు పెద్ద పరిశోధనలు వచ్చాయి. ఒకదానిలో మందు వల్ల స్పష్టమైన మేలు కనిపించలేదు. రెండోదానిలో పక్షవాతం, గడ్డల ఘటనలు ఏడాదికి వంద మందిలో 1.24 నుంచి 0.78కి తగ్గాయి. రెండింటిలోనూ రక్తస్రావం పెరిగింది. వాచీ పట్టుకున్న ఏఫిబ్‌కు ఈ ఫలితాలు ఎంతవరకు వర్తిస్తాయో డాక్టర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అందువల్ల మాస్టారి ప్యాచ్‌లో నాలుగు నిమిషాల ఏఫిబ్ కనిపిస్తే ఒక డాక్టరు మందు రాయవచ్చు, మరొకరు ఆగుదామనవచ్చు. ఇద్దరూ ముందు అడిగేది ఎంతసేపు ఉంది, బీపీ అదుపులో ఉందా, ఎప్పుడైనా రక్తస్రావం అయిందా అనే. ఆ మూడింటికి జవాబు కాగితం మీద ఉన్న మనిషితో ఆ సంభాషణ పది నిమిషాల్లో తేలుతుంది.