ఒకే ఆధారం, రెండు తీర్పులు

తన మతశాఖ స్థాపకుడి మీద ఒక భక్తుడు రాసిన పరిశోధన పత్రం మా బల్ల మీదికి వచ్చింది. స్థాపకుడు చేత్తో తాకి రోగుల్ని బాగు చేశాడన్న కథ అందులో ఉంది. దాన్ని మొదట రాసింది శిష్యులు, అదీ ఆయన పోయిన 60 ఏళ్లకు. ‘ఇంతమంది చెప్పారు కాబట్టి నమ్మదగినదే’ అని పత్రం తేల్చేసింది. పోటీ శాఖ గురువు గురించి అచ్చం అలాంటి కథే ఎదురైతే మాత్రం ‘శిష్యులు ఆలస్యంగా అల్లిన కల్పన’ అంటూ ఒక పాదసూచికలో కొట్టిపారేసింది. ఇక్కడా రాసింది శిష్యులే, ఇక్కడా ఆలస్యంగానే.

భక్తుడికి లోపలి భాష, ఆచారం తెలుస్తాయన్నది నిజమే. ఒక మతం గురించి చెప్పిన మాటను ఆ మతస్తులు ఒప్పుకుంటేనే అది చెల్లుతుందని మత అధ్యయన పండితుడు విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1959లోనే వాదించారు. ఒప్పుకోవాల్సింది ఏ మతస్తులు మరి? ఈ పత్రంలో ఇంటర్వ్యూ ఇచ్చినవారంతా ఇప్పటికీ శాఖలో ఉన్నవాళ్లే. విడిచి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. చీలిపోయిన వర్గానికి ‘దారి తప్పినవారు’ అని పేరు పెట్టారు. అది శాఖ పెద్దల మాట. దాన్ని కొటేషన్ గుర్తులు కూడా లేకుండా పరిశోధకుడు తన మాటగా రాసుకున్నాడు.

మాకు మరీ చిరాకు తెప్పించింది మొదటి పేజీ. ‘నేను ఈ సంప్రదాయానికి చెందినవాడిని’ అని ఒక వాక్యం రాసి, అక్కడితో బాధ్యత తీరిందనుకున్నారు. ఆ తర్వాత ‘గురువు అనుగ్రహించారు’, ‘సత్యం వెల్లడైంది’ అంటూ ప్రవచనం మొదలైంది. ఫలానావాడినని చెప్పుకున్నంత మాత్రాన పక్షపాతం పోతుందా? ఇప్పుడు దీన్ని ఒప్పుకుంటే రేపు ప్రతి శాఖవాడూ ఆ ఒక్క వాక్యాన్ని లైసెన్సులా చూపిస్తాడు.

పక్షపాతం లేకుండా రాయడానికి విశ్వాసం వదులుకోనక్కర్లేదు. దేవుడున్నాడా లేడా అన్న తీర్పును పరిశోధన వరకు పక్కన పెట్టాలన్నది మరో మత అధ్యయన పండితుడు నినియన్ స్మార్ట్ చెప్పిన పద్ధతి. దాని ప్రకారం ‘మహిమ జరిగింది’ అనీ రాయకూడదు, ‘జరగలేదు’ అనీ రాయకూడదు. ‘స్థాపకుడు పోయిన 60 ఏళ్లకు శిష్యులు రాసిన చరిత్రలో ఈ కథ ఉంది, దానికి ముందు రాసినదేదీ దొరకలేదు’ అని రాస్తే చాలు. ఆ కథ అప్పుడే ఎందుకు అవసరమైందన్న అసలు ప్రశ్న అక్కడి నుంచి మొదలవుతుంది.

ఈ పక్షపాతాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. తన గురువు పేరున్నచోట పోటీ గురువు పేరు పెట్టి ఆ పేరా మళ్లీ చదవాలి. ‘దీనికి ఆధారమేది?’ అని నోటిదాకా వస్తే, సొంత గురువు పేరు దగ్గర కూడా అదే అడగాలి. రచయిత ఆ పని చేయలేదు, భక్తి అడ్డొచ్చిందనుకుందాం. పర్యవేక్షకుడికీ ఇద్దరు సమీక్షకులకూ ఏమడ్డొచ్చింది? ఆ పాదసూచిక వాళ్లకు కనబడలేదా, కనబడినా మనకెందుకులే అని ఊరుకున్నారా?